"సాయంత్రం 4:30 కల్లా వచ్చేస్తుంది": నాలుగేళ్లుగా ఒకే బ్రాడ్‌బ్యాండ్ వాళ్ల సారీ నోటీసులు చదువుతున్నవాడి సమీక్ష

హైదరాబాద్ నాచారంలో మా అపార్ట్‌మెంట్‌కి ఈ ఫైబర్ 2021 చివర్లో వచ్చింది. 599 ప్లాన్, జీఎస్టీతో కలిపి నెలకి 707 రూపాయలు. స్పీడ్ మీద నాకు ఫిర్యాదేం లేదు, చెప్పినంత వస్తుంది. నేను రాయాలనుకున్నది నెట్ పోయినప్పుడు వాళ్లు పెట్టే నోటీసు గురించి. ఇంటి నుంచే పని చేసేవాణ్ణి కాబట్టి నాకు ఆ నోటీసు కూడా సర్వీసులో భాగమే. అది చూసే కదా మధ్యాహ్నం మీటింగ్ ఫోన్ హాట్‌స్పాట్ మీద లాగించాలా, ల్యాప్‌టాప్ పట్టుకుని తమ్ముడింటికి పోవాలా అని తేల్చుకునేది.

నోటీసు ఎప్పుడూ ఒకటే. నారింజ రంగు బొమ్మలో హెల్మెట్ పెట్టుకుని స్తంభం ఎక్కిన మనిషి, దాని కింద క్యాప్షన్: "ప్రియమైన కస్టమర్, మీ ప్రాంతంలో ఫైబర్ కట్ కారణంగా సేవలకు అంతరాయం కలిగింది. అసౌకర్యానికి చింతిస్తున్నాం. సాయంత్రం 4:30 కల్లా సేవలు తిరిగి అందుతాయి. సహాయం కోసం యాప్‌లో హెల్ప్ చూడండి." ఇదే ఎస్సెమ్మెస్‌గా కూడా వస్తుంది. సారీకి, టైముకి, సాయానికి తలా ఒక వాక్యం. చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది.

సారీ మాటని నేను రెండో నెల నుంచే చదవడం మానేశాను, టైము దగ్గరే చాలాకాలం మోసపోయాను. మొదట్లో నిజంగా ఎవరో లైన్ చూసి, లెక్కేసి చెబుతున్నారనుకునేవాణ్ణి. ఒకరోజు ఊరికే పాత మెసేజ్‌లన్నీ వరసగా చూస్తే అర్థమైంది: 12:30కి వచ్చిన మెసేజ్‌లో 4:30, 9:15కి వచ్చినదాంట్లో 1:15, రాత్రి పదకొండుకి వచ్చినదాంట్లో తెల్లవారుజామున మూడు. ఎప్పుడు చూసినా సరిగ్గా నాలుగు గంటలు. మా ఏరియా లైన్‌మన్ వచ్చినప్పుడు అడిగితే నవ్వాడు. "గా టైమ్ మేం చెప్పం అన్నా, టికెట్ ఓపెన్ గాంగనే నాలుగు గంటలని దానంతటదే వడ్తది. అప్పటికి నేనింకా బండి గూడ స్టార్ట్ చెయ్య." అంటే అది సిస్టమ్‌లో ఫిర్యాదు నమోదు కాగానే, ఎక్కడ తెగిందో కూడా తెలియక ముందే పడే టైము.

ఇందులో ఇంకో సంగతి ఉంది, అదే నాకు బాగా పనికొచ్చింది. ఆ నాలుగు గంటలు కొన్నిసార్లు నిజంగానే సరిపోతాయి, కొన్నిసార్లు ఏం చేసినా సరిపోవు. ఎప్పుడు ఏదో కొంతవరకు మనమే పసిగట్టొచ్చు. కేబుల్ తెగితే వాళ్లు ముందు ఒక చివర నుంచి ఓటీడీఆర్ అనే మిషన్ పెడతారు. అది ఫైబర్‌లోకి వెలుతురు పంపి, వెనక్కి తిరిగొచ్చే దాన్నిబట్టి ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో చూపిస్తుంది. కానీ స్తంభాల మీద అక్కడక్కడా కేబుల్‌ని చుట్టలు చుట్టి వదులుతారు కాబట్టి, మిషన్ 1,400 మీటర్లన్నంత మాత్రాన రోడ్డు మీద 1,400 మీటర్లు నడిస్తే దొరకదు, వెతుక్కోవాలి. దొరికాక తెగిన రెండు కొసల్నీ దగ్గరికి లాగి కలపగలిగితే ఒక్క జాయింట్‌తో అయిపోతుంది. జేసీబీ గుంజి మధ్యలో కొన్ని మీటర్లు నలిగిపోయిందనుకోండి, కొత్త ముక్క వేసి రెండు వైపులా రెండు జాయింట్లు కట్టాలి.

లెక్క ఇక్కడే మారిపోతుంది. మా వీధి మెయిన్ కేబుల్‌లో 24 ఫైబర్లున్నాయని లైన్‌మనే చెప్పాడు. ఒక్కో ఫైబర్ పై పొర ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, కొస నున్నగా కోసి, స్ప్లైసింగ్ మిషన్‌లో అతికించి, పైన స్లీవ్ వేసి వేడి చేసేసరికి చెయ్యి తిరిగినవాడికైనా నాలుగు నిమిషాలు పడుతుందనుకుందాం. ఒక జాయింటైతే 96 నిమిషాలు. రెండైతే 48 అతుకులు, 192 నిమిషాలు, మూడు గంటల పైమాటే. దీనికి మనిషి రావడం, చోటు వెతకడం, కొత్త కేబుల్ లాగడం కలిపితే నాలుగు గంటలు ఎక్కడ సరిపోతాయి? అందుకే నోటీసు చూడగానే వీలైతే కిందకి దిగి సందు చివరి దాకా ఒక చూపు చూసి వస్తాను. రోడ్డు తవ్వుతూ జేసీబీ కనబడితే ఆ రోజుకి నెట్ మీద ఆశ వదిలేసి హాట్‌స్పాట్ డేటా ప్యాక్ వేసుకోవడమే. కరెంటు పోయి, ఏరియాకి నెట్ పంచే వాళ్ల నోడ్ పెట్టెలో బ్యాటరీ దిగిపోతే మాత్రం నోటీసు ఏం చెప్పినా, ఆ ఏరియాలో కరెంటొచ్చిన కాసేపటికి నెట్ కూడా వచ్చేస్తుంది.

ఈ నాలుగు గంటల అచ్చు ఎంత గుడ్డిదో 2025 ఆగస్టులో చూశాం. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరమంతా కరెంటు స్తంభాల మీది కేబుళ్లు తీయించడం మొదలైంది. మా దగ్గర అది తెగడం కాదు, కోసి చుట్టలు చుట్టి కింద పడేశారు. అయిదారు కంపెనీల వైర్లు ఫుట్‌పాత్ మీద నల్లటి గుట్టలా పడి ఉన్నాయి, వాటిలో ఎవరిదేదో వాళ్లకే తెలియని పరిస్థితి. ఆ మధ్యాహ్నం నాకొచ్చిన మెసేజ్ మామూలుదే: ఫైబర్ కట్, చింతిస్తున్నాం, 6:45 కల్లా. 6:45కి ఇంకోటి, రాత్రి 10:45 అని. మర్నాడు పొద్దున మరోటి. ప్రాణాలు పోయాక తీసిన వైర్ల విషయంలో కంపెనీని నేనేం అనను, ఆ రోజు వాళ్ల చేతిలోనూ ఏమీ లేదు. "స్తంభాల మీద కేబుళ్లు తీసేశారు, కొత్తవి ఎప్పుడు వేయనిస్తారో తెలియదు, రెండు రోజులు వేరే ఏర్పాటు చూసుకోండి" అని ఒక్క ముక్క రాసి ఉంటే పక్కింటి ఆంటీ వాళ్లబ్బాయి ఆన్‌లైన్ పరీక్ష కోసం గంటకోసారి వచ్చి నన్నడిగే బాధ ఉండేది కాదు. నాలుగేళ్లలో ఒక్కసారి మాత్రం మంచి నోటీసు చూశాను, ఏదో వర్షాకాలం రాత్రి: హబ్సిగూడ వైపు రోడ్డు పనిలో కేబుల్ తెగింది, కొత్త ముక్క వేస్తున్నాం, టైము ఇప్పుడే చెప్పలేం, 9 గంటలకి మళ్లీ మెసేజ్ ఇస్తాం అని. 9:05కి ఇచ్చారు కూడా. ఎవరు రాశారో గానీ తర్వాత మళ్లీ అలాంటిది కనబడలేదు.

ఇక మూడో వాక్యం, సాయం కోసం యాప్ చూడండి అనేది. నెట్ లేనివాడిని యాప్‌కి పంపడం గురించి అందరూ జోకులేశారు, వదిలేద్దాం, ఫోన్ డేటాతో తెరుచుకుంటుంది. అసలు చిక్కు వేరే. ఏరియా నోటీసు ఉన్నంతసేపూ మన సొంత ఫిర్యాదు తీసుకోరు. యాప్‌లో బటన్ నొక్కినా, ఫోన్ చేసినా "మీ ప్రాంతంలో అంతరాయం ఉంది" అని రికార్డు వినిపించి కట్ చేస్తారు. దీనివల్ల జనవరిలో నాకు ఏమైందంటే, పగలు 12:25కి మెయిన్ కేబుల్ తెగింది, 4:25 అని నోటీసు వచ్చింది, సాయంత్రం 6:10కి బిల్డింగ్ మొత్తానికి నెట్ వచ్చింది. నాకు తప్ప. మోడెమ్ మీద ఎల్‌ఓఎస్ లైటు, అంటే వెలుతురు అందట్లేదని చెప్పేది, ఎర్రగా కొట్టుకుంటూనే ఉంది. ఫోన్ చేస్తే అదే రికార్డు. ఏరియా టికెట్ వాళ్ల సిస్టమ్‌లో రాత్రి తొమ్మిది దాకా మూసుకోలేదు, అప్పటికి కస్టమర్ కేర్ మనుషులు ఇళ్లకి పోయారు. మర్నాడు పొద్దున టికెట్ పడింది, సాయంత్రం అయిదుకి మనిషి వచ్చాడు.

తప్పు ఎక్కడుందో రెండు నిమిషాల్లో దొరికింది. ముందురోజు ఎవరో మెట్ల దగ్గరి ఫైబర్ బాక్స్ తెరిచి చూసి, మూత వేసేటప్పుడు నా వైరు మూతకీ అంచుకీ మధ్య ఇరుక్కుంది. విరగలేదు, మడత పడింది అంతే. వెలుతురు బలం కొలిచే మీటర్ పెడితే మైనస్ 34 డీబీఎం. మామూలుగా మా ఇంట్లో మైనస్ 22 ఉంటుంది. మోడెమ్‌కి మైనస్ 27 దాకా పర్లేదు, అంతకంటే తగ్గితే కష్టం. ప్రతి మూడు డీబీ తగ్గుదలకీ వెలుతురు సగమవుతుంది, కాబట్టి 12 తగ్గిందంటే పదహారో వంతే వస్తోందన్నమాట. మడత పడ్డ ముక్క కోసి కొత్త కనెక్టర్ వేశాడు, మైనస్ 21.8. పదిహేను నిమిషాల పనికి ఒక పగలు, రాత్రి, ఇంకో పగలు పోయాయి, నోటీసు దృష్టిలో మాత్రం నా సమస్య ముందురోజే తీరిపోయింది.

అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. నోటీసు కంటే ముందు మోడెమ్ చూస్తాను. ఎల్‌ఓఎస్ ఎరుపు అంటే మన దాకా వెలుతురే రావట్లేదు, తెగడమో మడత పడడమో. ఎల్‌ఓఎస్ ఆరిపోయి, కంపెనీ లైన్‌తో కలిసిందని చెప్పే పాన్ లైటు నిలకడగా పచ్చగా ఉండి కూడా నెట్ లేదంటే వైరు బాగానే ఉంది, తేడా అవతల వాళ్ల సర్వర్ల దగ్గరో, మన లాగిన్ దగ్గరో, రీచార్జ్ దగ్గరో. అంతా బాగున్నప్పుడే ఒకసారి బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి Rx Power, అంటే మోడెమ్‌కి అందే వెలుతురు, ఎంతుందో ఫోటో తీసి పెట్టుకోండి, నాది -22.1 అని ఉంది (మీ మోడెమ్ అడ్రస్ వేరే ఉండొచ్చు, వెనక స్టిక్కర్ మీద రాసి ఉంటుంది). పక్క ఫ్లాట్‌కి వచ్చి మనకి రాకపోతే రికార్డు విని ఫోన్ పెట్టేయకుండా, బిల్లింగ్ ఆప్షన్ నొక్కైనా సరే మనిషిని పట్టుకుని "ఏరియా సమస్య కాదు, నా ఒక్కడికే ఎల్‌ఓఎస్ ఉంది" అనాలి. ఆ మాట వినగానే వేరే టికెట్ వేస్తున్నారు, రెండుసార్లు పనిచేసింది.

టికెట్ నంబర్ తీసుకోవడం ఊరికే కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన నిబంధనల్లో వైరు కనెక్షన్ ఫాల్ట్ మూడు రోజులు దాటితే కస్టమర్‌కి అద్దెలో తగ్గింపు ఇవ్వాలని ఉంది. ఏరియా నోటీసు స్క్రీన్‌షాట్ చూపిస్తే అది మీ ఫిర్యాదు కిందకి రాదంటున్నారు, నంబర్ ఉంటేనే మాట్లాడుతున్నారు. ఆగస్టు గొడవప్పుడు నాకు ఒక్క రూపాయి రాలేదు, నంబర్ లేదు కాబట్టి.

మానేయొచ్చుగా అంటారేమో. మా సందులో ఉన్న మిగతా ఇద్దరి కేబుళ్లూ అదే స్తంభాల మీద వేలాడుతున్నాయి, జేసీబీ వస్తే ముగ్గురివీ ఒకేసారి పోతాయి. సర్వీసుకి నాలుగు స్టార్లు, లైన్‌మన్‌కి అయిదు, నోటీసుకి ఒకటిన్నర, ఆ అర కూడా హబ్సిగూడ మెసేజ్ రాసిన మనిషికే. ఏడాది ప్లాన్ మాత్రం ఈసారి కట్టలేదు, మూడు నెలలకే వేశాను.