చపాతీ మెత్తగా రావాలంటే ఏది మేలు: నీళ్లు పెంచడమా, మంట పెంచడమా?

"వదినా, చపాతీ పొంగుతోంది గానీ గంటకల్లా అప్పడంలా అయిపోతోంది" అని మా ఆడపడుచు ఫోన్ చేసింది. అదే రోజు పక్కింటావిడ, తనకు అసలు పొంగడమే లేదంది. ఇద్దరికీ ఎవరో ఒకే సలహా ఇచ్చారట: మంట పెంచమని. నాకు అది సగమే నిజమనిపించింది. సరే చూద్దామని ఆదివారం కూర్చున్నాను.

ఒకే ప్యాకెట్‌లోంచి 200 గ్రాముల చొప్పున రెండు గిన్నెల్లో పిండి తీసుకున్నాను. ఒకదాంట్లో 110 మిల్లీలీటర్ల నీళ్లు, రెండోదాంట్లో 135 పోశాను. ఉప్పు, చెంచా నూనె రెండిటికీ సమానమే. మొదటిది గట్టి ముద్ద, పూరీపిండిలా వచ్చింది. రెండోది కలుపుతుంటే వేళ్లకి అంటుకుని విసుగు పుట్టించింది. రెండిటినీ అరగంట తడిబట్ట కింద ఉంచి, ఒక్కో దాన్ని పెద్ద మంట మీద, సన్నమంట మీద కాల్చాను.

గట్టిపిండి, పెద్ద మంట: బంతిలా పొంగింది! ఆశ్చర్యం ఏముంది, పూరీ పొంగేది గట్టిపిండితోనే కదా. కానీ గంట తర్వాత మడిస్తే మడత దగ్గర పగిలింది. మెత్తపిండి, సన్నమంట: పొంగలేదు, మూడు నిమిషాలు పెనం మీదే ఉండి తోలులా సాగింది. గట్టిపిండి, సన్నమంట గురించి చెప్పుకోకపోవడమే మంచిది. మెత్తపిండి, పెద్ద మంట మాత్రం పొంగింది, చల్లారాక కూడా జేబురుమాలులా మడతపడింది.

అంటే పొంగడం వేరు, మెత్తగా ఉండడం వేరు. పొంగేది లోపలి ఆవిరి వల్ల. పెనం వేడి చాలకపోతే ఆవిరి ఒక్కసారిగా పోగవకముందే నీరు మెల్లగా ఆరిపోతుంది. చల్లారాక మెత్తగా ఉండేది మాత్రం కాలాక లోపల మిగిలిన తడి వల్ల. మొదటే నీళ్లు తక్కువైతే మిగలడానికి ఏముంటుంది?

ఒకటే ఎంచుకోమంటే నేను నీళ్లకే ఓటేస్తాను. వేడి తప్పితే రెండో చపాతీకి సర్దుకోవచ్చు, గట్టిగా కలిపిన ముద్ద పది చపాతీలనీ పాడుచేస్తుంది. అలా కలిపేశారా? చెయ్యి నీళ్లలో ముంచి మళ్లీ పిసికి, పావుగంట పక్కన పెట్టండి. ముద్ద చెవితమ్మెలా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడి మెల్లగా పైకి రావాలి. పైన చెప్పిన లెక్క నా ప్యాకెట్ పిండిది. మీ పిండికి, ముఖ్యంగా మరపట్టించిన దానికి, కాస్త అటూ ఇటూ అవుతుంది కాబట్టి కొలత కన్నా వేలినే నమ్మండి.

నానబెట్టే సమయం విషయంలో పది నిమిషాలకన్నా అరగంట మేలు. గోధుమ పొట్టు నీటిని నిదానంగా పీలుస్తుంది. మొదట జిగటగా ఉన్న ముద్ద అరగంటకి తనంతట తనే దారికొస్తుంది. నానని పిండి ఒత్తుతుంటే వెనక్కి లాగేస్తుంది. దాంతో బలంగా అదుముతాం, మధ్య పల్చన, అంచు మందం. అంచు కాలేదాకా ఉంచితే మధ్య ఎండిపోతుంది. రెండు మిల్లీమీటర్ల మందం చాలు, కానీ అంతటా సమంగా ఉండాలి. పీట కనిపించేంత పల్చగా ఒత్తితే అప్పడమే. ముడత గానీ చిన్న చిల్లు గానీ ఉంటే ఆవిరి అక్కడినుంచే పోతుంది.

పెనం మీద నీటిచుక్క వేస్తే చుయ్యిమని వెంటనే ఆవిరైపోవాలి. చపాతీ వేశాక రంగు మారి చిన్న బుడగలు రాగానే, సుమారు ఇరవై సెకన్లకే, తిప్పండి. మొదటి వైపు ఎక్కువ కాలితే పైపొర బిగిసిపోయి ఇక సాగదు, పొంగదు. రెండోవైపు గోధుమరంగు మచ్చలు వచ్చేదాకా ఉంచి, మళ్లీ తిప్పి బట్టతో అంచులు మెల్లగా అదమండి.

పెరుగు, పాలు, వేణ్నీళ్లు అంటారా? వేణ్నీళ్లతో కలిపితే మర్నాటి టిఫిన్ బాక్సుకి బాగుంటుంది. మిగతావి రుచికి, కాస్త మెత్తదనానికి.

మా ఆడపడుచు నిన్న మళ్లీ ఫోన్ చేసింది. ఇప్పుడు మెత్తగానే ఉంటున్నాయట, కానీ పీటకి అంటుకుంటున్నాయని పొడిపిండి గుప్పెడు చల్లుతోందట, అది పెనం మీద మాడి నల్లగా అంటుతోందట. ఉండని ఒక్కసారే పొడిపిండిలో అద్దమన్నాను. ప్రతి రెండు చపాతీలకీ పెనాన్ని పొడిబట్టతో తుడవమన్నాను.