పాల లెక్కకు గోడ క్యాలెండర్: కొన్నేళ్లు వాడాక నా మాట

మాది విజయనగరం. వాడుక పాలు పొద్దున అర లీటరు, సాయంత్రం అర లీటరు. లెక్క కోసం కొన్నాళ్లు నోట్‌బుక్ పెట్టాను, కొన్నాళ్లు ఫోన్‌లో రాశాను. చివరికి నిలబడింది దుకాణం వాళ్లు ఊరికే ఇచ్చే గోడ క్యాలెండరే. నోట్‌బుక్ అల్మరాలోకి వెళ్లిపోయేది. ఫోన్ నా చేతిలో ఉంటే పాలు పట్టేది అత్తయ్య. క్యాలెండర్ మాత్రం వంటింటి గుమ్మం పక్కనే, గిన్నె తెచ్చే దారిలోనే ఉంటుంది. పక్కన దారానికి కట్టిన బాల్‌పెన్. పాలు పట్టుకున్న మనిషే గీత పెట్టాలి, అదొక్కటే నియమం.

గీత ఎలా పెడతామన్నదే ఇందులో అసలు సంగతి. చాలా ఇళ్లలో పాలు రాని రోజు మాత్రమే రాస్తారు. అలా చేస్తే ఖాళీ గడి చూసినప్పుడు పాలు వచ్చాయో, రాయడం మర్చిపోయారో నెలాఖరున ఎవరూ చెప్పలేరు. మేం రోజూ రాస్తాం. గడిలో ఎడమ పక్క గీత పొద్దుటి పాలకి, కుడి పక్కది సాయంత్రం పాలకి. రాకపోతే గీత చోట సున్నా. ఎక్కువ తీసుకుంటే ఎంత ఎక్కువో అంకె. ఊరెళ్లేటప్పుడు నాగా అని గుర్తుగా 'నా' అని రాసి, ముందురోజు పాలాయనకి చూపించి చెబుతాం. ఖాళీ గడి కనబడిందంటే రాయలేదన్నమాట, మర్నాడే అడిగి నింపేస్తాం.

2025 అక్టోబర్ బిల్లు చూడండి. ఆ నెలంతా పండగలే. 6న తోలేళ్లు, 7న పైడితల్లమ్మ సిరిమాను. ఇంటినిండా చుట్టాలు కాబట్టి ఆ రెండు రోజులూ రెండేసి లీటర్లు ఎక్కువ తీసుకున్నాం. దీపావళికి 20, 21, 22 తేదీల్లో శ్రీకాకుళంలో ఉన్నాం. 28 సాయంత్రం మొంథా తుఫాను వానకి పాలు రాలేదు.

నెల తిరగ్గానే పాలాయన 34 లీటర్లన్నాడు. లీటరు 70 చొప్పున 2,380 రూపాయలు. మా గడులు కూడితే 31కి పండగ 4 కలిపి 35, నాగా మూడు రోజులు తీసేస్తే 32, తుఫాను పూట అర తీసేస్తే 31.5. అంటే 2,205. తేడా 175 రూపాయలు, రెండున్నర లీటర్లు.

పాలాయనది మోసం కాదు. నోటి లెక్క మీద అన్ని ఇళ్లు తిరిగే మనిషి. క్యాలెండర్ దించి ముందు పెట్టగానే తుఫాను పూట వెంటనే ఒప్పుకున్నాడు, ఆ సాయంత్రం బండే తీయలేదట. మిగతా రెండు లీటర్ల దగ్గర ఆగిపోయాడు. "20న పొయ్యలేదు, నిజమే. 21, 22 పోసీసినాం గదమ్మా, క్యాన్లో మిగల్లేదు కదా" అన్నాడు. గడుల్లో 'నా' ఉంది, మేం ఊళ్లో లేం. మరి పాలెక్కడికి పోయాయి? పక్కింటి వదినగారిని పిలిచాం. వాళ్ల క్యాలెండర్‌లో 21న ఒకటి, 22న ఒకటి ఎక్కువ రాసి ఉన్నాయి. ఆ రెండు రోజులూ పాలాయన కొడుకు వచ్చి, మా గుమ్మం మూసి ఉందని మా వంతు కూడా పండగ ఇంట్లో పోసి వెళ్లాడు, తండ్రికి చెప్పలేదు. వాళ్ల బిల్లులో అవి పడనే లేదు. 140 వాళ్ల ఖాతాకి మారింది, 35 కొట్టేశారు, పావుగంటలో అయిపోయింది. మా ఒక్క క్యాలెండరే ఉంటే ఆయన మాట, మా మాట మిగిలేవి. అటు వైపు కూడా రాత ఉండబట్టే పాలు ఎటు వెళ్లాయో కనబడింది.

ఇబ్బందులూ ఉన్నాయి. తిథి, వర్జ్యం, రాహుకాలంతో గడి నిండిపోయే క్యాలెండర్ దీనికి పనికిరాదు, గీతకి చోటుండదు. నున్నటి కాగితమైతే పెన్ను జారుతుంది. నెల మధ్యలో రేటు పెరిగితే ఆ తేదీ గడిలో కొత్త రేటు రాసి చుట్టూ గుండ్రంగా గీయాలి. లేకపోతే నెలంతా కొత్త రేటుకే కూడేస్తారు, మాకు ఒకసారి అదే జరిగింది. పాత నెల కాగితం చింపేయకుండా వెనక్కి మడవాలి, బాకీ ఉంటే దాని మీదే రాసుకోవచ్చు.

వారానికోసారి, ఆదివారం పొద్దున, పాలాయనకి ఆ వారం గడులు చూపిస్తాం. ఆయన చూసి చివరి గడి మూలన ఒక చుక్క పెడతాడు. ఆ చుక్క దాకా ఉన్న లెక్క మీద మళ్లీ మాటుండదు. అక్టోబర్‌లో ఈ అలవాటు ఇంకా లేదు, ఉంటే ఆ రెండు లీటర్ల సంగతి 26 ఆదివారమే తేలిపోయేది. పాలల్లో నీళ్లెన్నో మాత్రం ఏ గడీ చెప్పదు. దానికి అత్తయ్య కాచిన పాల మీద మీగడ చూసి తిట్టుకోవడమే.