గాజు థర్మామీటర్: చాలా ఏళ్లు వాడాక, ముఖ్యంగా ఆ లాంతరు రాత్రి తర్వాత

ఈ థర్మామీటర్‌లో నాకు బాగా నచ్చింది ఒక్కటే. చంకలోంచి తీశాక కూడా పాదరసం ఉన్నచోటే ఉండిపోతుంది. జ్వరంతో ఏడుస్తున్న పిల్లని ముందు సముదాయించి, దుప్పటి కప్పి, తర్వాత తీరిగ్గా వెలుతురు దగ్గరికి వెళ్లి చూసుకోవచ్చు. అంకె మారదు.

కింద పాదరసం నిండి ఉండే బల్బు పైన గొట్టం ఒకచోట బాగా ఇరుకవుతుంది. వేడికి పెరిగిన పాదరసం ఆ ఇరుకులోంచి తోసుకుని పైకి పోతుంది. చల్లబడినప్పుడు బల్బులోది ముడుచుకుంటుంది కానీ, పైకి వెళ్లిన గీత అక్కడ తెగి నిలిచిపోతుంది. విదిలిస్తే తప్ప కిందికి రాదు. ఆ చిన్న ఇరుకు ఎంత పని చేస్తుందో నాకు అర్థమైంది మా పాపకి నాలుగేళ్లప్పుడు, ఒక రాత్రి.

సాయంత్రం నుంచి కరెంటు లేదు. ఫోన్లలో మిగిలిన కాస్త చార్జింగు డాక్టర్‌కి ఫోన్ చేయాల్సి వస్తుందని దాచుకున్నాం. డిజిటల్ థర్మామీటర్ తీస్తే బ్యాటరీ అయిపోయి అంకెలు వెలిసిపోయి కనిపించాయి. పాప ఒళ్లు కాలిపోతోంది. మా అమ్మ ఏమీ మాట్లాడకుండా తన పెట్టెలోంచి గాజుది తీసింది.

ముందు మణికట్టుతో నాలుగైదు సార్లు గట్టిగా విదిలించింది. విదిలించాక అలాగే పెట్టేయలేదు, లాంతరు వైపు వెళ్లి పాదరసం 95 కిందికి దిగిందో లేదో చూసుకుంది. పాప చంకలో చెమట తుడిచి, బల్బు సరిగ్గా చంక గుంటలో ఉండేలా పెట్టి, చెయ్యి ఛాతీకి ఆనించి పట్టుకుని కూర్చుంది. ఐదు నిమిషాలు. పాప గింజుకుంటే "అయిపోయింది తల్లీ, ఇంకొంచెమే" అంటూ చెయ్యి మాత్రం వదల్లేదు. చంకలో గాలి ఆడితే తక్కువ చూపిస్తుంది కదా.

తీశాక లాంతరుకి వీపు పెట్టి కూర్చుంది. నాకు వింతగా అనిపించింది, వెలుతురుకి ఎదురుగా కదా చూడాలి అని. కానీ మంట ఎదురుగా ఉంటే గాజు మీద మెరుపు తప్ప ఏమీ కనిపించదు. వెలుతురు భుజం మీదుగా వెనక నుంచి పడాలి. బల్బు లేని చివర పట్టుకుని, థర్మామీటర్ని కళ్లకు సూటిగా అడ్డంగా పెట్టి, వేళ్ల మధ్య మెల్లగా తిప్పింది. ముందు అంకెలు, తర్వాత గీతలు, ఇంకాస్త తిప్పితే ఒక్కసారిగా వెండి పట్టీ వెడల్పుగా కనిపించింది. గాజు ముందు వైపు అంచు భూతద్దంలా ఉండటం వల్ల ఆ ఒక్క కోణంలోనే అది తేలుతుంది. "నూట రెండు దాటి రెండు చిన్న గీతలు" అంది అమ్మ. ఒక్కో డిగ్రీ మధ్య ఐదు భాగాలుంటాయి, ఒక్కోటి 0.2. అంటే 102.4.

అక్కడితో అయిపోయేది. మా తమ్ముడు "ఏదీ, నన్ను చూడనీ అమ్మా" అని తీసుకుని, సరిగ్గా కనిపించడానికి థర్మామీటర్ని లాంతరు గ్లాసు పక్కనే పెట్టాడు, బల్బు వైపు మంట దగ్గరగా. కొన్ని క్షణాల్లోనే "అమ్మా, నూట నాలుగున్నర!" అని అరిచాడు. నాకు కాళ్లు ఆడలేదు. ఫోన్ తీసి డాక్టర్ నంబర్ నొక్కబోతుంటే అమ్మ థర్మామీటర్ లాక్కుంది. "అది లాంతరు జ్వరంరా, పిల్లది కాదు. దీన్ని దూరంగా పెట్టి చూడు, దిగుతుందేమో."

దిగలేదు. దిగదు కూడా. నాకు అంత ఇష్టమైన ఆ ఇరుకు, శరీరం వేడినీ లాంతరు వేడినీ ఒకేలా పట్టి ఉంచుతుంది. ఒకసారి పైకి వెళ్లాక ఎవరి వేడో దానికి తెలియదు. ఇంకాసేపు అక్కడే ఉంచి ఉంటే 108 దాటి గాజు పగిలేదేమో కూడా. అందుకే దీన్ని వేడినీళ్లతో కడగకూడదు, ఎండ పడే కిటికీలో పెట్టకూడదు.

అమ్మ మళ్లీ విదిలించి, మళ్లీ 95 కింద చూసి, మళ్లీ ఐదు నిమిషాలు పెట్టింది. ఈసారి 102.2. ఒక్క గీత తేడా, అంతే. మొదటిది సరైనదేనని తేలింది. డాక్టర్‌కి ఫోన్ చేసినప్పుడు "చంకలో 102.2" అని చెప్పించింది, ఒక డిగ్రీ కలిపి చెప్పనివ్వలేదు. చంకలో నోట్లో కన్నా కాస్త తక్కువే చూపిస్తుంది, కానీ ఎంత తక్కువన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. ఎక్కడ పెట్టామో చెప్తే చాలు, మిగతా లెక్క డాక్టర్ చూసుకుంటారని ఆమె మాట. డాక్టర్ బరువు అడిగి దాన్నిబట్టి పారాసిటమాల్ ఎంతివ్వాలో చెప్పారు.

మందు వేసిన గంటకి మళ్లీ చూశాం. నేను విదిలించకుండానే చంకలో పెట్టబోతే అమ్మ ఆపింది. అలాగే పెట్టి ఉంటే జ్వరం దిగినా 102.2 అనే చూపించేది, మందు పనిచేయలేదని ఇంకో డోసుకి తొందరపడేవాళ్లం. పట్టి ఉంచే గుణానికి ఇదీ ఒక ఖర్చే. విదిలించి చూస్తే 100.8. పాప చెమటలు పట్టి నిద్రపోయింది. మాకు టెన్షన్ తగ్గింది.

కాబట్టి మొదట చెప్పిన మెచ్చుకోలుని కొంచెం సరిచేస్తున్నాను. తీరిగ్గా చదువుకోవచ్చన్నది నిజమే, కానీ విదిలించి చూసుకునే అలవాటు, మంటకి దూరంగా ఉంచే జాగ్రత్త, చిన్న గీతలు లెక్కపెట్టగల కళ్లు, ఐదు నిమిషాలు పిల్లని పట్టుకునే ఓపిక ఉంటేనే. మా అమ్మకి ఇవన్నీ ఉన్నాయి. నాకు ఇప్పుడు కళ్లజోడు లేకుండా 0.2 గీతలు తెలియడం లేదు.

ఇంకోటి, లోపల ఉన్నది పాదరసం. పగిలితే చీపురుతో ఊడ్చకూడదు, వాక్యూమ్ క్లీనర్ అస్సలు వాడకూడదు, పూసలు ఇంకా చిన్నవై గాలిలోకి ఆవిరవుతాయి. పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తీసి, గట్టి కాగితంతో ఒక దగ్గరికి చేర్చి, మూత గట్టిగా బిగిసే సీసాలో వేయాలి. 2013లో దేశాల మధ్య కుదిరిన మినమాటా ఒప్పందంలో ఇలాంటి థర్మామీటర్ల తయారీని 2020 నాటికి ఆపాలని రాసుకున్నది కూడా ఈ పాదరసం వల్లే. ఇప్పుడు పాదరసం బదులు గాలియం, ఇండియం, టిన్ మిశ్రమం వాడే గాజువి వస్తున్నాయి. చదివే పద్ధతి అదే, విదిలించడానికి మాత్రం ఇంకాస్త బలం కావాలి.

మా పాప పెద్దదైంది, అమ్మ మాతోనే ఉంటుంది, అందుకే మా పాతది పెట్టెలో ఉంచుకున్నాం. పగలనంత కాలం వాడతాం. అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లాడున్న మా తమ్ముడికి మాత్రం డిజిటల్‌దే కొనుక్కోమన్నాను, అదనంగా, పిల్లాడికి అందని చోట దాచే ఒక బటన్ సెల్‌తో సహా.