నాలుగు పేజీల బట్టీ, మూడు నిమిషాల ఇంటర్వ్యూ

అమెరికా విజిటర్ వీసా కోసం మేమిద్దరం ఖమ్మంలో ఒక కన్సల్టెంటుకు 8,000 రూపాయలు ఇచ్చాం. మనిషికి 185 డాలర్ల వీసా ఫీజు కాక ఇది వేరే. దానికి ఆయన చేతిలో పెట్టింది నాలుగు పేజీల ఇంగ్లీషు జవాబులు. బట్టీ పట్టమన్నాడు. అందులో మొదటి జవాబే అబద్ధం. నవంబరులో మా అమ్మాయికి కాన్పు. ఆ సంగతి ఎత్తితే వీసా రాదట, ఊళ్లు చూడటానికి వెళ్తున్నామనే చెప్పాలట!

అమ్మాయి ఫోన్‌లో మండిపడింది. కాన్పుకు తల్లి వెళ్లడం తప్పు కాదమ్మా, అబద్ధమాడినట్టు తేలితేనే మళ్లీ ఎప్పటికీ రానివ్వని ప్రమాదం అంది. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం తనే నింపింది. అందులో ఉన్నదే నోటితో చెప్పాలి, అంతే.

ఇంటర్వ్యూకు ముందురోజు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో వేలిముద్రలు, ఫోటో చకచకా అయిపోయాయి. రాత్రి గచ్చిబౌలిలో 2,200 పెట్టి తీసుకున్న లాడ్జి గదిలో మాత్రం మావారికి నిద్ర లేదు. దోమలొక పక్క, ఆ కాగితాలొక పక్క. ఒక వాక్యం మరిచిపోతే మళ్లీ మొదటికొచ్చేవారు. పదకొండింటికి ఆ కాగితాలు లాక్కుని బ్యాగులో పెట్టేశాను. నేను ప్రశ్న అడగడం, ఆయన ఒక్క ముక్కలో చెప్పడం, అలా అరగంట కూర్చున్నాం.

పొద్దున ఫోన్లు లాడ్జిలోనే వదిలి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కు వెళ్లాం. లైన్లో మా ముందున్నాయన ప్రతి ప్రశ్నకూ కొడుకు జీతం, ఇల్లు, కారు అంటూ పోయాడు. ఆఫీసర్ అడిగింది ఎన్నాళ్లుంటారని. ఆ జవాబు చివరిదాకా రాలేదు. వీసా రాలేదంటూ పాస్‌పోర్టు వెనక్కిచ్చి, ఒక కాగితం చేతిలో పెట్టారు. కారణం అదేనో కాదో నాకు తెలియదు గానీ, మావారి చెయ్యి చల్లబడింది.

మా వంతు రాగానే ఆఫీసర్ నన్ను అడిగింది: "వై ఆర్ యూ గోయింగ్?"

"మై డాటర్ ఈజ్ హావింగ్ ఎ బేబీ ఇన్ నవంబర్. ఐ వాంట్ టు బీ విత్ హర్."

ఎన్నాళ్లు? "త్రీ మంత్స్." ఖర్చు ఎవరిది? "అవర్ డాటర్." తర్వాత మావారిని ఏం చేసేవారని అడిగింది. ఆయన "ఇన్ నైన్టీన్ ఎయిటీ ఫోర్..." అని మొదలుపెట్టి, నావైపు చూసి ఆగి, "రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్, మేడమ్" అన్నారు. ఒక ప్రశ్న ఆమె యాసలో నాకు అందలేదు. తల ఊపకుండా "సారీ మేడమ్, ప్లీజ్ రిపీట్" అన్నాను. నిదానంగా మళ్లీ అడిగింది: ఇంకా పిల్లలున్నారా? "వన్ సన్. ఖమ్మం."

అర్థం కాకపోయినా ఎస్ అనేవాళ్లు చాలామంది. దయచేసి అలా అనకండి. ఇంగ్లీషు అసలే రాకపోతే తెలుగులో మాట్లాడతామని మొదటే చెప్పండి, హైదరాబాద్‌లో కుదురుతుంది.

మోసుకెళ్లిన ఫైలులో ఒక్క కాగితమూ అడగలేదు. పాస్‌పోర్టులు తన దగ్గరే ఉంచుకుని వీసా అప్రూవ్ అయిందని చెప్పింది. సాయంత్రం కన్సల్టెంటు ఫోన్ చేసి, తన జవాబులు పనిచేశాయా అని అడిగాడు. ఒక్కటీ చెప్పలేదన్నాను.