గజాల అంకెను చదరపు మీటర్లుగా లెక్కవేసిన అంచనా కాగితం: తిరుపతిలో ఇల్లు కట్టుకోబోయేవారికి హెచ్చరిక

రేణిగుంట దారిలో మేము 200 గజాల స్థలం కొన్నాము. దస్తావేజులో వెడల్పు 30 అడుగులు, పొడవు 60 అడుగులు అని స్పష్టంగానే ఉంది. గజానికి 9 చదరపు అడుగులు కనుక అది 1800 చదరపు అడుగుల స్థలం. దానిని మీటర్లలోకి మారిస్తే సుమారు 167.2 చదరపు మీటర్లు వస్తుంది. ఇంత తేలికైన లెక్కలో పొరపాటు జరుగుతుందని మేము అనుకోలేదు.

సామగ్రితో సహా కట్టి ఇస్తానన్న కాంట్రాక్టరు గారు తెచ్చిన అంచనా కాగితంలో స్థల విస్తీర్ణం 2153 చదరపు అడుగులని ఉంది. మేము కింద ఉన్న మొత్తాన్ని మాత్రమే చూసి ఒప్పందంపై సంతకం చేశాము. తరువాత కూర్చుని చూస్తే, ఆయన 200 అంకెను 9తో కాకుండా 10.764తో గుణించారని తేలింది. 10.764 అనేది చదరపు మీటరును చదరపు అడుగుల్లోకి మార్చే అంకె. గజమూ మీటరూ ఇంచుమించు ఒకటేనని మన వైపు చాలామంది మాటవరసకు అంటారు. పొడవులో గజం మీటరుకన్నా తొమ్మిది సెంటీమీటర్ల లోపే చిన్నది కాబట్టి గుడ్డ కొలిచేటప్పుడు ఆ తేడా పెద్దగా తెలియకపోవచ్చు. విస్తీర్ణంలో మాత్రం అదే తేడా పొడవులోనూ వెడల్పులోనూ కలిసి, చదరపు మీటరు చదరపు గజం కంటే దాదాపు 20 శాతం పెద్దదవుతుంది.

స్థలంలో మూడింట రెండు వంతులు కట్టడం అని మాట్లాడుకున్నాము. దాని ప్రకారం రావలసింది 1200 చదరపు అడుగులు, ఒప్పందంలో పడింది 1435. చదరపు అడుగుకు 1,900 రూపాయల చొప్పున, ఎక్కువగా పడిన 235 చదరపు అడుగులకు 4,46,500 రూపాయలు అదనంగా చెల్లించడానికి మేమే ఒప్పుకున్నట్లయింది.

ఇది ముగ్గు పోసిన రోజున బయటపడింది. మంజూరైన ప్లాను ప్రకారం ముందు 1.5 మీటర్లు, మిగిలిన మూడు వైపులా ఒక్కొక్క మీటరు ఖాళీ వదలాలి. 9.14 మీటర్ల వెడల్పులో 2 మీటర్లు, 18.29 మీటర్ల పొడవులో 2.5 మీటర్లు తీసేస్తే కట్టడానికి మిగిలేది సుమారు 7.14కు 15.79 మీటర్లు, అంటే 113 చదరపు మీటర్లకు కాస్త తక్కువ. అడుగుల్లో చెబితే 1214. ఎంత సర్దినా అంతకు మించి నేల లేని చోట 1435 చదరపు అడుగుల అంతస్తు ఎక్కడ నిలుస్తుందని మేస్త్రి గారే టేపు పట్టుకుని అడిగారు. మెట్లూ బాల్కనీ కలుపుకుని ఆ అంకె వేశానని కాంట్రాక్టరు గారు మొదట వాదించారు. అయితే మెట్లు ప్లానులో ఇంటి లోపలే ఉన్నాయి, బాల్కనీ అసలు లేనే లేదు.

అప్పటికే ఇనుము దిగింది. చదరపు అడుగుకు 4 కిలోల చొప్పున 1435కు లెక్కగట్టి 5,740 కిలోలు తెప్పించారు. అదే లెక్కన 1200కు 4,800 కిలోలు చాలు. మిగిలిన 940 కిలోలను కొట్టువారు కిలోకు 6 రూపాయలు తగ్గించుకుని వెనక్కి తీసుకున్నారు. సిమెంటు విడతలవారీగా తెప్పించడం వల్ల ఆ నష్టం తప్పింది. చదరపు అడుగుకు 0.4 బస్తా లెక్కన చూస్తే 94 బస్తాలు ఎక్కువై, నిలవ ఉండి గడ్డకట్టేవి.

మరొక విషయం కూడా గమనించగలరు. వదలవలసిన ఖాళీని నిర్ణయించే నిబంధనల పట్టికలో స్థలాల తరగతులు చదరపు మీటర్లలో ఉంటాయి. మా 200 గజాలు 100 నుండి 200 చదరపు మీటర్ల తరగతిలోకే వస్తాయి. చిత్తూరులో మా బావమరిది గారిది 240 గజాలు. అది 200.67 చదరపు మీటర్లు కనుక, ఒక్క గజం తేడాతో పై తరగతిలోకి వెళ్ళింది. ఇక అంకణాల్లో బేరం చేసేవారు ఎదురైతే, వారి అంకణం 36 చదరపు అడుగులదో 72 చదరపు అడుగులదో ముందుగా అడిగి కాగితం మీద రాయించుకోండి.

అంచనా కాగితం మీ చేతికి వచ్చినప్పుడు అందులోని స్థలం చదరపు అడుగులను దస్తావేజులోని గజాలతో భాగించండి. 9 రావాలి. 10.76 వస్తే మాకు జరిగిన పొరపాటే మీకూ జరిగినట్టు. స్థలం నలుచదరంగా లేకపోతే నాలుగు హద్దుల కొలతలూ తీసుకుని, మధ్యలో ఒక మూల నుండి ఎదుటి మూలకు గీత గీసి, దానినీ కొలిచి, రెండు త్రిభుజాలుగా లెక్కించవలసి ఉంటుంది. పొడవును వెడల్పుతో గుణిస్తే సరిపోదు.

చివరకు ఒప్పందాన్ని 1200 చదరపు అడుగులకు తిరిగి రాయించాము. మొదటి విడతగా 20 శాతం లెక్కన ఎక్కువ చెల్లించిన 89,300 రూపాయలను రెండవ విడతలో తగ్గించుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు. ఇనుములో పోయిన 5,640 రూపాయలు మాత్రం మేమే భరించాము.