కోపం కొలిచే సాఫ్ట్‌వేర్‌తో 14 నెలలు

ద్వారకానగర్‌లో మాది ఏసీ సర్వీసు సెంటరు. ఏప్రిల్ వచ్చిందంటే వాట్సాప్‌లోనూ మెయిల్లోనూ కలిపి రోజుకి వంద కంప్లయింట్లు పడతాయి. చూసేది నేనూ, ఇంకో అమ్మాయీ. మండిపడుతున్న కస్టమర్‌కి ముందు ఫోన్ చెయ్యాలన్న ఉద్దేశంతో మా ఓనరు ఈ సాఫ్ట్‌వేర్ పెట్టించారు.

పని తీరు సులువే. ప్రతి మెసేజీకి -1 నుంచి +1 వరకు ఒక మార్కు వేస్తుంది. -0.5 కన్నా కిందకి పడితే గంట మోగి మా ముందుకొస్తుంది, మిగతావన్నీ వరసలో నిలబడతాయి. మొదటి నెల ముచ్చటగా ఉంది. ఇంగ్లీషులో ‘వరస్ట్ సర్వీస్’ అని తిట్టినవాళ్ళకి పది నిమిషాల్లో ఫోన్ వెళ్ళేది.

ఎంవీపీ కాలనీలో ఒక పెద్దాయన విషయంలో దెబ్బతిన్నాం. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసే మనిషి. నాలుగు రోజుల్లో మూడుసార్లు రాశారు, మూడూ వరస అడుగునే ఉండిపోయాయి. చివరికి ‘పర్వాలేదు లెండి, వేరేవాళ్ళని పిలిపించుకున్నాం’ అని పెట్టాక గానీ నేను వెనక్కి వెళ్ళి చూడలేదు. మూడో మెసేజీ ఇది:

```
AC inka drip avutondi andi. Mee vallu raaledu. Thank you.
score: +0.36
```

నీళ్ళు కారి మంచం తడుస్తోందని అంతకుముందే చెప్పిన మనిషికి సంతోషంగా ఉన్నట్టు మార్కు! ఎందుకిలా అని సాఫ్ట్‌వేర్ వాళ్ళ కుర్రాడిని కూర్చోబెట్టి అడిగాను. లోపల ఉన్నది VADER అనే పదాల పట్టిక. సోషల్ మీడియాలో రాసే ఇంగ్లీషు కోసం చేసింది కాబట్టి తప్పు దానిది కాదు, మన తెలుగుకి తగిలించినవాళ్ళది. పట్టికలో ఉన్న ప్రతి మాటకీ ఒక విలువ ఉంటుంది. పైన ఉన్న మెసేజీలో దానికి తెలిసిన మాట ‘థాంక్’ ఒక్కటే, విలువ 1.5. దాన్ని -1కీ +1కీ మధ్యకి కుదిస్తే 0.36. ‘రాలేదు’ దానికి అసలు మాటే కాదు. అచ్చ తెలుగు లిపిలో ఎంత ఘోరంగా తిట్టినా సున్నాయే.

దానికితోడు మన మర్యాద ఒకటి. ఇంట్లో ఎంత మండుతున్నా చివర్లో ‘అండి’, ‘దయచేసి’ తగిలించకుండా రాయలేం. నిజంగా విసిగిపోయిన మనిషి అరవడం మానేసి ‘సరేలెండి’ అంటాడు. ఆ మాట కనిపిస్తే ఇప్పుడు నాకు గుండె ఝల్లుమంటుంది.

సరిచెయ్యడానికి ముందు నమస్కారాలూ థాంక్సులూ మార్కు వెయ్యకముందే తీసేయించాం. తరవాత మన మాటల పట్టిక మొదలుపెట్టాం, అది తెగదు. ‘రాలేదు’ని ఒకరు raledu అంటారు, ఒకరు raaledu, ఇంకొకరు raledhu. నెలకో కొత్త స్పెల్లింగు దొరుకుతుంది. ఆరు నెలలకి సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళే పట్టిక పీకేసి, విడి మాటల్ని కాక వాక్యం మొత్తాన్ని చూసే ఏఐ లాంగ్వేజ్ మోడల్ పెట్టారు. గాజువాక నుంచి వచ్చే ‘ఏటండీ ఇది’ అన్నది కూడా అది బాగానే పట్టుకుంటోంది. వెటకారం దగ్గర మాత్రం ఒకరోజు తెలివి, ఒకరోజు అమాయకత్వం.

అన్నిటికన్నా పనికొచ్చింది మార్కుతో సంబంధం లేని రూలు. ఒకే నంబరు నుంచి, మా జవాబు లేకుండా రెండో మెసేజీ వస్తే చాలు, మార్కు ఎంతైనా మనిషి దగ్గరికే. ‘షాక్’, ‘కాలిన వాసన’ అన్న మాటలుంటే మొదటిసారే. షాక్ కొట్టిందని రాసేవాళ్ళు తరచుగా చాలా శాంతంగా రాస్తారు మరి. కోపం వేరు, తొందర వేరు. ఈ సాఫ్ట్‌వేర్ మొదటిదే కొలుస్తుంది.

గంట మోగే హద్దుని -0.3కి మార్చి చూశాం. వారం తిరక్కుండానే సగం మెసేజీలకి గంట మోగడం మొదలైంది. అన్నీ అత్యవసరమైతే ఏదీ అత్యవసరం కాదు కదా, మళ్ళీ -0.5కే వచ్చాం. ఈ కిటుకు పసిగట్టినవాళ్ళూ ఉన్నారు. ఒక అపార్ట్‌మెంటు సెక్రటరీ గారు ఫిల్టర్ కడగమని అడగడానికి కూడా తిట్లతోనే మొదలుపెడతారు, అందరికన్నా ముందు ఫోన్ అందుకుంటారు.

ఐదుకి మూడు ఇస్తాను. చందా పొడిగించాం. కానీ ప్రతి శనివారం మధ్యాహ్నం మంచి మార్కులొచ్చిన మెసేజీల్లోంచి ఓ ఇరవై తీసి నేనే చదువుతాను. మొన్న దొరికింది బీచ్ రోడ్డు ఆవిడది: ‘చాలా థాంక్సండీ, మీ పుణ్యమా అని పిల్లలు రోజూ రాత్రి పదింటిదాకా సముద్రం గాలి పీలుస్తున్నారు.’ మార్కు +0.7. ఏసీ ఆగిపోయి అప్పటికి ఐదు రోజులు.