ముద్రా ముందా, పీఎంఈజీపీ ముందా?

రేణిగుంట మండలంలోని ఒక పల్లెలో నైటీలు, చుడీదార్లు కుట్టే యూనిట్ పెట్టాలని ఒకావిడ అనుకుంటోంది. మిషన్లకు 6 లక్షలు, బట్టకూ కూలికీ 2 లక్షలు, మొత్తం 8 లక్షలు కావాలి. తాకట్టు పెట్టడానికి ఇల్లూ పొలమూ లేవు. చిన్న వ్యాపారాలకు తాకట్టు లేకుండా అప్పిచ్చే కేంద్ర పథకం ముద్రాలో తరుణ్ అనే విభాగం కింద 10 లక్షల దాకా ఇస్తారు. కొత్త యూనిట్లకు బ్యాంకు అప్పుతో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీలోనూ 10 లక్షల దాకా తాకట్టు అడగకూడదు. మరి ఏది మేలు?

లెక్క వేసి చూద్దాం. పీఎంఈజీపీలో ఆమె వాటా 5 శాతం, అంటే 40 వేలు. మిగతా 7.6 లక్షలు బ్యాంకు ఇస్తుంది. పల్లెలో పెట్టే మహిళకు సబ్సిడీ 35 శాతం, అంటే 2.8 లక్షలు. ఆ డబ్బు చేతికి రాదు. మూడేళ్లు ఆమె పేరున బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తనిఖీ చేశాక అప్పులో జమవుతుంది. అంతవరకూ ఆ మేరకు వడ్డీ పడదు. 11 శాతం వడ్డీ అనుకుంటే మొదటి ఏడాది 4.8 లక్షల మీద సుమారు 53 వేలు కట్టాలి. అంతే అప్పు ముద్రాలో తీసుకుంటే 84 వేల దాకా అవుతుంది, పైగా సబ్సిడీ ఉండదు.

అయితే పీఎంఈజీపీ కొత్త యూనిట్లకే. 'ముందు ముద్రా తీసుకుని మొదలుపెడదాం, సబ్సిడీ సంగతి తర్వాత చూద్దాం' అనుకుంటే అది పాత యూనిట్ కిందికి వస్తుంది, 35 శాతం పోతుంది. ఆ ముద్రా అప్పు తీర్చాక విస్తరణ కోసం రెండో లోన్ అడగొచ్చు గానీ, అక్కడ సబ్సిడీ 15 శాతమే. అందుకే ఈమెకు నా ఓటు పీఎంఈజీపీకే. పథకం గడువు 2025-26 వరకని ప్రకటించారు కాబట్టి, దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో kviconline.gov.in లో ముందు చూసుకోవాలి.

బ్రహ్మోత్సవాల నాటికి సరుకు సిద్ధం కావాలనే తొందర ఉంటే మాత్రం ముద్రానే నయం. పీఎంఈజీపీ ఫైలు జిల్లా పరిశ్రమల కేంద్రం, బ్యాంకు, శిక్షణ అన్నీ దాటి రావాలి, నెలలు పడుతుంది.

తాకట్టు లేని ఈ అప్పులకు ఉండే గ్యారంటీ కవర్ విషయంలో చాలామంది పొరబడతారు. ముద్రాకు సీజీఎఫ్‌ఎంయూ, పీఎంఈజీపీకి సీజీటీఎంఎస్‌ఈ అనే ప్రభుత్వ గ్యారంటీ నిధులు కవర్ ఇస్తాయి. అది బ్యాంకు నష్టానికి రక్షణ, మన అప్పుకు మాఫీ కాదు. కట్టకపోతే బ్యాంకు వసూలుకు వస్తుంది, సిబిల్ స్కోరూ పడిపోతుంది. ఈ కవర్ కోసం మనం ఎక్కడా దరఖాస్తు పెట్టక్కర్లేదు, బ్యాంకే చూసుకుంటుంది.

కాగితాలకొస్తే ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్, మిషన్ల కొటేషన్లు, ప్రాజెక్ట్ రిపోర్ట్, షెడ్డు అద్దె ఒప్పందం రెండింటికీ సాధారణంగా అడుగుతారు. చిన్న పరిశ్రమల నమోదు అయిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఏజెంటుకు డబ్బులివ్వకండి. పీఎంఈజీపీకి అదనంగా గ్రామీణ ప్రాంత ధ్రువపత్రం కావాలి. ఇక్కడ చూసేది యూనిట్ అడ్రసే. ఇల్లు పల్లెలో ఉండి షెడ్డు తిరుపతి కార్పొరేషన్‌లో తీసుకుంటే సబ్సిడీ 25 శాతానికి, అంటే 2 లక్షలకు దిగుతుంది. 10 లక్షల లోపు అప్పుకు కూడా బ్యాంకులో ష్యూరిటీగా ఆస్తి అడిగితే, ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి.